విధానం మారితే గుణకం మారుతుంది

పాత గణాంకాల నుంచి తీసిన సమీకరణంతో కొత్త విధానం ఫలితాన్ని లెక్కగట్టడం చెల్లదని రాబర్ట్ లూకస్ 1976లో వాదించారు. ఆ వాదన బలం అమెరికా ఫిలిప్స్ రేఖ కథలో బాగా కనిపిస్తుంది. ధరలు నిలకడగా ఉండాలంటే 5–6 శాతం నిరుద్యోగం తప్పదనీ, దాన్ని 3 శాతానికి దించాలంటే ఏటా 4–5 శాతం ధరల పెరుగుదలకు ఒప్పుకోవాలనీ శామ్యూల్సన్, సోలో 1960లో అంచనా వేశారు. ఈ రేఖ నిలకడగా ఉండకపోవచ్చని వాళ్లే హెచ్చరించినా, అంకెలు నిలిచినంతగా ఆ హెచ్చరిక నిలవలేదు. ఆ దశాబ్దం చివర్లో ఫ్రీడ్మన్, ఫెల్ప్స్ అడ్డు చెప్పారు: రాబోయే ధరల పెరుగుదలను కార్మికులు జీతాల బేరంలో పూర్తిగా కలుపుకుంటారు, కాబట్టి నిరుద్యోగం తగ్గే ఈ లాభం తాత్కాలికమే అన్నారు.

దీన్ని పరీక్షించడానికి ఆర్థికవేత్తలు గత ధరల పెరుగుదల జీతాల మీద ఎంత ప్రభావం చూపుతోందో కొలిచారు. ఫ్రీడ్మన్ మాట నిజమైతే గుణకాల మొత్తం 1 రావాలి. అంతకన్నా తక్కువే వచ్చింది. కనుక నిరుద్యోగాన్ని శాశ్వతంగా తగ్గించవచ్చని తేల్చారు. పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉందని సార్జెంట్, లూకస్ చూపించారు. ఒక ఊహాజనిత లెక్క చూడండి. ఈ ఏడాది ధరలు మామూలు కన్నా 5 శాతం ఎక్కువ పెరిగితే, వచ్చే ఏడాదికి అందులో 2 శాతమే మిగిలేలా కేంద్ర బ్యాంకు నడుచుకుంటోందనుకుందాం. అది తెలిసిన కార్మికుడు అదనంగా అడిగేది 2 శాతమే. తన అంచనాను జీతంలో పూర్తిగా కలుపుకున్నా, గణాంకాల్లో గుణకం 0.4 అని కనిపిస్తుంది. అంటే ఆ 0.4 కార్మికుడి స్వభావం కాదు, బ్యాంకు నడవడిక. రేపు అదే బ్యాంకు పెరుగుదలను అదుపు చేయడం మానేస్తే, నేటి 5 శాతం రేపూ 5 శాతమే అవుతుంది, గుణకం 1కి చేరుతుంది. 0.4ను నమ్ముకుని విధానం మార్చినవాళ్లు ఆ మార్పుతోనే తమ ఆధారాన్ని తీసేసుకున్నట్టు. జరిగిందీ దాదాపు ఇదే. 1970ల గణాంకాలు చేరేకొద్దీ అమెరికా గుణకాల మొత్తం 1 వైపు జరిగింది. 1975లో నిరుద్యోగం 8.5 శాతం ఉండగా ధరలూ 9 శాతం పెరిగాయి. చమురు ధరల దెబ్బ కూడా ఉంది నిజమే, కానీ గుణకం కదలడాన్ని చమురు ఒక్కటే వివరించలేదు.

లూకస్ వాదనకు రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. జనం అంత లెక్కగా ఆలోచించరన్నది మొదటిది. 1979 తర్వాత అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ విధానం బిగించినప్పుడు 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది; అంచనాలు వెంటనే మారి ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఇది బలమైన సాక్ష్యమే. అయితే లూకస్ విమర్శ నిలబడడానికి అంచనాలు తక్షణం మారనక్కర్లేదు, విధానాన్ని బట్టి మారితే చాలు. పైగా మాటలో కఠినంగా ఉండి మధ్యలో సడలించిన బ్యాంకును చూసినవాళ్లు కొత్త మాటను నమ్మడానికి సమయం తీసుకోవడం అహేతుకం కాదు. రెండోది క్రిస్టఫర్ సిమ్స్ లేవనెత్తినది: నిజ జీవితంలో విధాన మార్పులు చాలావరకు పాత నడవడిక పరిధిలోనివే, వాటికి పాత సమీకరణాలు పనికొస్తాయి. ఇది నేను ఒప్పుకుంటాను. వడ్డీ రేటు పావు శాతం కదిలితే ఎవరూ బ్యాంకు స్వభావం మారిందనుకోరు. ఏ మార్పును జనం కొత్త నియమంగా చూస్తారో తేల్చడమే కష్టం. అక్కడ లూకస్ విమర్శ ప్రమాదాన్ని చూపుతుందే గానీ దాని పరిమాణాన్ని చెప్పదు. విధానం మారిన తేదీకి ముందూ తర్వాతా గణాంకాలను విడదీసి, గుణకం ఎంత జరిగిందో ప్రతిసారీ కొలవాల్సిందే.