మెంతి ఒత్తుగా, పాలకూర పలుచగా: బాల్కనీ ట్రేలలో మా అనుభవం
(వార్షిక మహాసభలో వికారాబాద్, తాండూరు సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము పది మందిమి. ఆరుగురం వికారాబాద్‌లో, నలుగురం తాండూరులో ఉంటాము. అందరివీ మేడ మీద కిరాయి ఇళ్లే. పెరడు లేదు, వాకిలి లేదు. ఉన్నదల్లా ఒక మంచం పట్టేంత బాల్కనీ. పోయినేడు దసరా పండుగ అయినంక సంఘంలో అంతర్గత అప్పు తీసుకొని మనిషికి మూడు ట్రేలు కొన్నాము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉండే ప్లాస్టిక్ ట్రేలు. వారం వారం ఆకుకూరకు పెట్టే పైసలు మిగిలితే వాయిదా దానితోనే కట్టొచ్చు అన్నది మా లెక్క.

ఆ లెక్క మొదటిసారి తప్పింది. ముప్పై ట్రేలు వేస్తే ఏడింట్లోనే కూర చేతికొచ్చింది. మాలో పెద్దామె, "ఆకు కోసి అప్పు కడదామనుకుంటిమి, ఇప్పుడు ఏం కోసి కడదాం?" అన్నది. ఆ మాటకు ఎవరిమీ నవ్వలేదు. ఎక్కడ తప్పు చేశామో, తర్వాత ఎట్లా దిద్దుకున్నామో చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాము.

మా తప్పు చిన్నదే. ఆకుకూరలన్నీ ఒకటే అనుకున్నాము. మెంతులూ పిడికెడు చల్లాము, పాలకూర గింజలూ పిడికెడు చల్లాము. మెంతి మొలకలు దుబ్బులాగా లేచి వారం లోపల పడిపోయాయి. పాలకూర పడిపోలేదు గానీ దారం పోగుల్లాగా సన్నగా లేచి, ఆకు వెడల్పు కాక అట్లనే నిలబడిపోయింది. అప్పుడు మా చెల్లె ఒకామె అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది. ఆమె చిన్నప్పటి నుంచి కూర మళ్లలో పనిచేసిన మనిషి. ట్రేలు చూసి, "మెంతి గుంపుల పెరుగుతది బిడ్డా, పాలకూరకు మోచేతులు ఆడేంత జాగ కావాలె. రెండింటినీ ఒక్కతీరుగ చల్లితే ఎట్ల?" అన్నది. మేము నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ముందు మట్టి సంగతి. వికారాబాద్‌లో మాకు దొరికింది ఎర్రమట్టి. తడిపి ఆరితే పైన అప్పడం లాగా పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చుకొని రాలేదు. తాండూరులో దొరికింది నల్లరేగడి. కందికి అది బంగారం, ట్రేకు మాత్రం పనికిరాదు. ఆరితే పగులుతుంది. పోసిన నీళ్లు ఆ పగుళ్లలో నుంచి కిందికి పోతాయి, వేరు ఎండిపోతుంది. ఎక్కువ పోస్తే బంకగా మారి నీళ్లు నిలుస్తాయి. ఇప్పుడు రెండు ఊళ్లలోనూ ఒకే కలపు వాడుతున్నాము. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. పచ్చి పేడ వద్దు, అది వేడి చేసి మొలకను చంపుతుంది. మట్టి లోతు మెంతికి నాలుగు అంగుళాలు, పాలకూరకు ఆరు అంగుళాలు ఉండాలి. ట్రే అడుగున రంధ్రాలు తప్పకుండా ఉండాలి. తాండూరులో బాల్కనీలకు నాపరాళ్లే పరుస్తారు, మధ్యాహ్నానికి అవి కాలుతాయి. అందుకని ట్రే కింద రెండు ఇటుకలు పెడుతున్నాము. వేడి తగలదు, నీళ్లు కూడా కిందికి జారిపోతాయి.

ఇక మెంతి. గింజ కోసం దుకాణానికి పోనక్కర లేదు, పోపుల డబ్బాలో మెంతులే చాలు. కాకపోతే పాతవైతే మొలవవు. ఇరవై గింజలు తడి గుడ్డలో మూటగట్టి మూడు రోజులు ఉంచండి. పదహారు మొలిస్తే వేసుకోండి, పది కూడా మొలవకపోతే అవి పోపుకే ఉంచండి. మా ట్రేకు పది గ్రాములు సరిపోతాయి, అంటే చిన్న చెంచాతో రెండున్నర. గింజలు లెక్కపెడితే సుమారు ఆరు వందలు. మొదటిసారి మేము చల్లిన పిడికెడు దీనికి నాలుగైదు రెట్లు ఉంటుంది.

మెంతులు రాత్రంతా నానబెడితే జిగురు పడతాయి. వడగట్టి, అరగంట గుడ్డ మీద ఆరబెట్టి, పొడి ఇసుకతో కలపండి. సగం నిలువుగా చల్లండి, సగం అడ్డంగా చల్లండి. అప్పుడు ఒక దిక్కు కుప్పపడవు. చల్లినంక వంగి చూడండి. ఒక గింజకూ ఇంకో గింజకూ మధ్య రెండు గింజలు పట్టేంత సందు ఉంటే సరి. పైన అర అంగుళం లోపే మట్టి చల్లి, తడి గోనెసంచి కప్పండి. మూడో రోజు తెల్ల మొలక కనిపించగానే గోనె తీసేయాలి. ఒక రోజు ఆలస్యమైనా మొలకలు పచ్చగా పాలిపోయి సాగుతాయి. తీసినంక పావురాలు రాకుండా పాత చీర వలలాగా కట్టండి.

మెంతి ఒత్తుగా ఉన్నా ఎందుకు తట్టుకుంటుందంటే, దాన్ని మనం లేతగానే తీసేస్తాం. దుబ్బు కట్టేదాకా ఉంచం. ఒకదానికొకటి ఆనుకొని నిలబడతాయి, కాడ మెత్తగా ఉంటుంది. కానీ గింజ మీద గింజ పడితే మొదళ్ల దగ్గర గాలి ఆడదు, తడి ఆరదు, అప్పుడే నారుకుళ్లు వస్తుంది. మా మొదటి మెంతిని చంపింది అదే. నీళ్లు తక్కువై వాడిందో, కుళ్లి పడిందో గుర్తుపట్టడం తెలియక, పడిపోయిన మొక్కలకు మేము ఇంకా నీళ్లు పోశాము. ఇప్పుడు మొక్కను వేళ్లతో పట్టి చూస్తాము. కాడ గట్టిగా ఉండి తల వాలితే అది దాహం. మట్టిని తాకే చోట కాడ సన్నబడి నీరుపట్టినట్టు ఉంటే అది కుళ్లు. కుళ్లు కనిపిస్తే ఆ చోట మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేసి, రెండు రోజులు నీళ్లు ఆపి, ట్రేను గాలికి పెట్టండి. మామూలు రోజుల్లో కూడా పొద్దున పూటే చల్లండి, సాయంత్రం వద్దు. వేలు మొదటి కణుపు దాకా గుచ్చితే తడి తగిలిందంటే ఆ రోజు నీళ్లు అక్కర లేదు.

ఇరవై రెండు నుంచి ఇరవై ఐదు రోజులకు మెంతి ఐదారు అంగుళాలు ఎదుగుతుంది. చలి ఎక్కువుంటే ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. పూత మొగ్గ కనిపించేలోపే వేళ్లతో సహా పీకేయాలి. "కోస్తే మళ్లీ రాదా?" అని చాలామంది అడుగుతారు. మేమూ ఒక ట్రేలో రెండు వేళ్ల ఎత్తు వదిలి కోసి చూశాము. వచ్చింది, కానీ పదిహేను రోజులకు సగం కూడా రాలేదు, పైగా పూత మొదలై చేదెక్కింది. చెంచాడు మెంతుల కోసం ట్రేను పదిహేను రోజులు కట్టిపడేయడం నష్టమే.

పాలకూర దీనికి పూర్తిగా ఎదురు. దాని గింజ దుకాణంలో కొనాలి. ఆల్ గ్రీన్ అనే రకం మాకు బాగా వచ్చింది. రంగు పూసిన గింజైతే మందు పట్టించినట్టు, విత్తినంక చేతులు సబ్బుతో కడుక్కోండి, మిగిలినవి పిల్లలకు అందకుండా పెట్టండి. గరుకుగా ముద్దలాగా ఉండే ఆ గింజ నిజానికి ఒక గింజ కాదు. రెండు మూడు గింజలు కలిసి గట్టిపడిన గుత్తి. ఒకటి వేస్తే రెండు మూడు మొలకలు రావచ్చు. ఇది తెలియకనే మేము దాన్ని ఇరికించాము. ఇప్పుడు రాత్రంతా నానబెట్టి, ట్రేలో పొడవునా మూడు సాళ్లు గీస్తాము. సాలుకూ సాలుకూ నడుమ నాలుగు అంగుళాలు, సాలులో రెండు అంగుళాలకు ఒక గింజ. మొత్తం ముప్పై ఆరు గింజలే. మొలిచిన పది పన్నెండు రోజులకు ఒక్కో చోట బలమైన మొక్క ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కోయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. కోసిన లేత మొక్కలు ఆ పూట పప్పులోకి వస్తాయి.

నెల దాటినంక, ముప్పై ముప్పై ఐదు రోజులకు, మొదటి కోత. మాలో ఒకామె బజారు కట్టలాగా మట్టికి సమానంగా కోసింది. సగం మొక్కలు మళ్లీ లేవలేదు. నడుమ ఉండే చిన్న చిగురే పాలకూర ప్రాణం. బయటి పెద్ద ఆకులను కాడతో అంగుళం పైన కోసి, ఆ చిగురును, దాని చుట్టూ రెండు చిన్న ఆకులను వదలాలి. కోసినంక సాళ్ల నడుమ పిడికెడు వానపాముల ఎరువు వేసి నీళ్లు చల్లాలి. పన్నెండు పదిహేను రోజులకు మళ్లీ కోతకు వస్తుంది. నాలుగు కోతల దాకా బాగుంటుంది. ఆ తర్వాత నడుమ నుంచి కాడ లేచి, ఆకులు చిన్నవై మొన తేలితే అది పూతకు పోతున్నట్టు. ఇక ఆగక పీకేయండి.

ఇప్పుడు తాండూరు చెల్లె ఒకామె మూడు ట్రేల లెక్క చెప్తాము. మొదటి రోజు ఒక ట్రేలో మెంతి, ఇంకో ట్రేలో పాలకూర వేసింది. పన్నెండో రోజు మూడో ట్రేలో మెంతి వేసింది. ఇరవై నాలుగో రోజు మొదటి మెంతి పీకింది. వేర్ల ముక్కలు ఏరి, మట్టి గుల్లచేసి, రెండు పిడికెళ్ల ఎరువు కలిపి, ఒక రోజు ఎండనిచ్చి, ఇరవై ఆరో రోజు మళ్లీ మెంతులు చల్లింది. రెండో మెంతి ముప్పై ఆరో రోజు వచ్చింది, ముప్పై ఎనిమిదిన దాంట్లోనూ మళ్లీ వేసింది. పాలకూర ముప్పై మూడో రోజు మొదలై పద్నాలుగు రోజులకోసారి కోతకొచ్చింది. డెబ్బై ఆరు రోజులు తిరిగేసరికి మెంతి ఐదుసార్లు, పాలకూర నాలుగుసార్లు ఇంటికి వచ్చాయి. మొదటి మూడు వారాలు మాత్రం ఏమీ రాలేదు. ఆ మూడు వారాలు ఓర్చుకోలేకనే చాలామంది ట్రేలు అటకెక్కిస్తారు. ఒకేరోజు మూడూ వేసినవాళ్లకు ఒక వారం కూర ఎక్కువై పంచిపెట్టారు, తర్వాత మళ్లీ బజారుకే పోయారు.

ఒకే ట్రేలో మెంతి మీద మెంతి మూడుసార్ల కంటే ఎక్కువ వేయకండి, కుళ్లు మట్టిలోనే ఉండిపోతుంది. లోతు ఆరు అంగుళాలకు పెంచి పాలకూర వేయండి, పాలకూర తీసిన ట్రేలో మెంతి వేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మేము మెంతి వేయము. ఆ ఎండకు జానెడు కాకముందే పూతకొస్తుంది. అప్పుడు ట్రేల మట్టి గోనె మీద పలుచగా పోసి ఎండబెట్టి, వానలు పడినంక మళ్లీ మొదలు పెడతాము. తూర్పు బాల్కనీ ఉన్న ఇద్దరు ఎండాకాలంలో కూడా పాలకూర తీశారు, కానీ రెండు కోతలకే పూతకు పోయింది.

మా వాయిదాలు మూడో నెల నుంచి ఆగకుండా కడుతున్నాము. మొదటి రెండు నెలలు కూలి పైసల నుంచే కట్టాము, అదీ దాచకుండా చెప్తున్నాము. ట్రేలు కొనడానికి అప్పు తీసుకునే అక్కలు ఆ రెండు నెలల వాయిదా ముందే పక్కన పెట్టుకోండి. ఒక ట్రే మెంతి, ఒక ట్రే పాలకూర ఇక్కడికి తెచ్చాము. భోజనాలప్పుడు వచ్చి సందు ఎంత ఉందో మీ వేళ్లతోనే కొలిచి చూడండి.