అజెండా స్లైడ్‌లో మొదటి లైను ఏది?

ఫెస్ట్ స్పాన్సర్‌షిప్ కోసం కాలేజీ పక్కనున్న స్టేషనరీ షాపుకి వెళ్లారనుకోండి. అజెండా స్లైడ్‌లో మొదటి లైను 'మా క్లబ్ గురించి' అని ఉంటే, అది అయ్యేలోపే కౌంటర్ దగ్గరకి ఇద్దరు కస్టమర్లు వచ్చేస్తారు. ఓనర్ లేచిపోతారు, డబ్బు మాట రానేరాదు.

అందుకని నాలుగే లైన్లు పెట్టండి: ఫెస్ట్‌కి ఎంతమంది వస్తారు, షాపుకి ఏం దక్కుతుంది, ఎంత అడుగుతున్నాం, ఎప్పటిలోగా చెప్పాలి. క్లబ్ చరిత్ర ఆఖరి స్లైడ్‌కి తోసేయండి, అడిగితేనే చూపించండి.

రెండో లైన్లో ఉత్త 'పబ్లిసిటీ' అని రాయొద్దు. 'రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర ఫ్లెక్సీ, 400 ఐడీ కార్డుల మీద షాపు పేరు, డిస్కౌంట్ కూపన్' అనండి. తిరిగొచ్చిన కూపన్లు లెక్కపెట్టి చూపిస్తే, వచ్చే ఏడాది మళ్లీ అడగొచ్చు.

మూడో లైన్లో అంకె ఉండాల్సిందే, 5,000 అని. మేం 'మీకు తోచినంత' అన్నాం. ఆయన చందా అనుకుని 200 చేతిలో పెట్టి పంపేశారు.