బకాయిల లెక్కకూ బీమా మాటకూ మధ్య మూడు నిమిషాలు

ఈ ఏడాది సభలు నడిపించే పని కొత్తగా నెత్తిన పడ్డ గ్రామ సంఘాల లీడర్లు మమ్మల్ని ఒక మాట అడిగారు. "బకాయిల లెక్క గంటసేపు చదివాక ఇంకొకరిని మాట్లాడటానికి పిలిస్తే ఎవరూ వినట్లేదు, ఏం చెయ్యాలి?" అని. ఆ మధ్యలో మనం మైకు పట్టుకునే రెండు మూడు నిమిషాల గురించే ఈ మాటలు.

వినకపోవడానికి అలుపొక్కటే కారణం అనుకుంటాం. అలుపు ఉంటుంది, కాదనం. కింద చాప మీద గంటసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుంది. కానీ బకాయి పేర్లు చదివిన తర్వాత సభలో ఉన్న ప్రతి మనిషి మనసులో సొంత లెక్క తిరుగుతూ ఉంటుంది. మా సంఘం పేరు చదివారు, అందరూ విన్నారు, ఈ నెల కిస్తీ ఎక్కణ్ణుంచి తేవాలి, ఇంటికెళ్లి ఏం చెప్పాలి? ఇది అలుపు కాదు, బరువు. ఆ బరువు ఎక్కడన్నా దించుకునే చోటు చూపించకుండా వచ్చే మనిషిని ఎంత గొప్పగా పరిచయం చేసినా చెవికెక్కదు.

జనం మనసు పోయిందని ఎలా తెలుస్తుంది? కొంగుతో విసురుకోవడం లెక్కలోకి రాదు, ఎండాకాలం అందరూ విసురుకుంటారు. పక్కనున్న సంచి ఒళ్లోకి వచ్చిందంటే చూసుకోండి. కళ్లు గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుకుతున్నాయంటే ఇంక రెండు నిమిషాల్లో వెనక వరస లేస్తుంది.

మేం చూసిన సభ ఒకటి చెప్తాం. అందులో లెక్కలు అయిపోగానే, "వారికి ధన్యవాదాలు, ఇప్పుడు బీమా గురించి మేడమ్ గారు ప్రసంగిస్తారు" అన్నారు. అంతే, సగం మంది లేచారు. లేచినవాళ్లలో ఒకామె ఖాతాలో మే నెలాఖరుకి 200 రూపాయలే ఉన్నాయి. ప్రీమియం కట్ కాలేదు, బీమా ఆగిపోయింది. శ్రావణంలో ఆమె జబ్బు చేసి పోయింది. పాస్‌బుక్ పట్టుకుని ఇంటివాళ్లు బ్యాంకుకి వెళ్తే రావలసిన 2 లక్షలు లేవన్నారు. అప్పు మాత్రం అలాగే ఉంది. ఆ రోజు ఆ పది నిమిషాలు కూర్చుని ఉంటే ఆమెకి తెలిసేది.

మొన్న మే మొదటి వారం మా గ్రామ సంఘం సర్వసభ్య సమావేశంలోనూ అదే వరస. లెక్కలు, బకాయిలు 50 నిమిషాలు పట్టాయి. తర్వాత మాట్లాడాల్సింది బ్యాంకు మిత్రగా చేసే చెల్లెలు, బీమా గురించి. అందుకని ముందురోజు సాయంత్రమే ఆమెకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాం: "మావాళ్లు ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఏ ఒక్కటి గుర్తుండాలి?" ఆమె వెంటనే చెప్పింది, "మే చివరి వారంలో ఖాతాలో 456 రూపాయలు ఉంచమనండక్కా." జీవనజ్యోతి బీమాకి 436, సురక్షా బీమాకి 20. రెండూ ఏడాదికి ఒక్కసారే, ఖాతాలోంచి వాటంతట అవే కట్ అవుతాయి.

అది వినగానే మాకు దారి దొరికింది. బకాయి మాట విన్న మనిషి ఏం చేస్తుంది? ఖాతాలో ఉన్నదంతా ఊడ్చి కిస్తీ కడుతుంది. సరిగ్గా ఆ వారమే 456 ఉండాలి. అంటే ముందు మాటకీ తర్వాత మాటకీ ముడి అక్కడే ఉంది. ఇలాంటి ముడి ఎప్పుడూ ఉంటుంది, వెతుక్కోవాలి. అది దొరక్కపోతేనే పాటలు, చప్పట్లు పెట్టుకోవాల్సి వస్తుంది.

అకౌంటెంటు కూర్చున్నాక మేం చేసింది ఇది. ముందు ఆ మాటను మూశాం. లెక్కంతా మళ్లీ చెప్పలేదు. "బకాయి ఉన్న సంఘాలు ఎన్ని కిస్తీల్లో కడతాయో ఈ నెలలోనే రాసివ్వాలి, అంతవరకే ఈరోజు తేలింది. మీ లెక్కలో తేడా ఉందనుకున్నవాళ్లు భోజనాలయ్యాక కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి, పుస్తకం తీసి చూపిస్తారు" అన్నాం. బల్లను చేత్తో చూపించాం కూడా. అప్పటిదాకా గుసగుసలాడుతున్న ఇద్దరు ముగ్గురు ఆ బల్ల వైపు చూసి ఊరుకున్నారు. అడగడానికి ఒక చోటు, ఒక వేళ ఉందని తెలిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది.

తర్వాత అందరినీ లేచి నిలబడమన్నాం. నీళ్లు తాగమన్నాం, ఎండలో ఉన్న వరసని నీడలోకి జరగమన్నాం. ఒక్క నిమిషం. విరామం అనే మాట ఎత్తలేదు. టీ అన్నామంటే ఇరవై నిమిషాలు పోతుంది, వెళ్లినవాళ్లందరూ తిరిగి రారు. ఈ వేళలో జోకు వెయ్యకండి. ఇప్పుడే తన పేరు బకాయిలో విన్న మనిషి ముందు మనం నవ్వితే ఆమె తనని చూసి నవ్వామనుకుంటుంది. అలాగని చావు మాటతో భయపెట్టి కూర్చోబెట్టకూడదు, బరువు మీద బరువవుతుంది.

కూర్చున్నాక ఒక ప్రశ్న అడిగాం: "మీ పాస్‌బుక్కులో 436 రూపాయలు కట్ అయినట్టు ఎప్పుడన్నా చూసినవాళ్లు చెయ్యెత్తండి." మూడొంతుల మంది ఎత్తారు. "అది దేనికి కట్ అయిందో తెలిసినవాళ్లు చెయ్యి దించకండి" అన్నాం. చాలా చేతులు దిగిపోయాయి. వెనక నుంచి ఒక పెద్దమ్మ, "అవునే, నాకూ పోయినయ్యి, ఎవరు తీసుకున్నారే?" అని గట్టిగా అడిగింది. సభంతా ముందుకి తిరిగింది. ప్రశ్న అడిగేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. చెయ్యెత్తినా, ఎత్తకపోయినా ఎవరికీ సిగ్గు అనిపించకూడదు. "బకాయి లేనివాళ్లు చెయ్యెత్తండి" అన్నామనుకోండి, మిగిలినవాళ్లు తల దించుకుంటారు, ఆ తల మళ్లీ లేవదు.

ఆ ప్రశ్నకి మేం జవాబు చెప్పలేదు. చెప్పేస్తే వచ్చే మనిషికి పనేముంటుంది? "అవి ఎక్కడికి పోయాయో, ఈ నెలాఖరుకి కిస్తీ కోసం ఖాతా ఊడ్చే ముందు ఎంత ఉంచుకోవాలో చెప్పడానికి ఒక చెల్లెలు వచ్చింది. మన ఊళ్లోనే రోజూ ఖాతాల పని చేస్తుంది, ఇలాంటి కాగితాలు తనే నింపి పంపుతుంది. పదిహేను నిమిషాలే మాట్లాడుతుంది, ఆ తర్వాత భోజనాలు" అని, చిట్టచివర పేరు చెప్పాం. పేరు ముందే చెప్తే చప్పట్లు ముందే అయిపోతాయి, ఆమె లేచి వచ్చేసరికి సభ చప్పగా ఉంటుంది. చదువులు, బహుమతులు మేం చదవలేదు. ఈ సంగతి ఆమెకి ఎలా తెలుసో ఒక్క మాట చాలు.

మొత్తం మూడు నిమిషాలు. ఆమె మొదలుపెట్టేసరికి సంచులు నేల మీదకి దిగాయి. 18 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లే జీవనజ్యోతిలో కొత్తగా చేరొచ్చని ఆమె చెప్పినప్పుడు, "నాకు యాభై ఒకటి, మరి నా సంగతి?" అని అడిగారంటే వింటున్నట్టే కదా. సురక్షా బీమా 70 దాకా ఉంటుందని, అది ప్రమాదాలకే వర్తిస్తుందని అక్కడే తేలింది.

ఇది అన్నివేళలా పనిచెయ్యదు. లెక్కల మీద నిజంగా గొడవ లేచినా, ఎవరన్నా కంటతడి పెట్టినా బల్ల చూపించి దాటెయ్యకండి. అక్కడే ఆగి ఆ మాట వినండి, తర్వాతి మనిషిని భోజనాల తర్వాతకి మార్చండి. ఒంటిగంట దాటితే కూడా అంతే, ముందు అన్నం పెట్టండి. అలా మార్చినప్పుడు ఆమె మాట్లాడే వేళ ఎప్పుడో అందరూ వినేలా మైకులో చెప్పండి, లేకపోతే విస్తరి తీసిన వెంటనే ఇంటిదారి పడతారు.