జిల్లా మారింది, మన పద్దు మారలేదు
(మండల సమాఖ్య మహాసభలో పాలకవర్గం తరఫున చెప్పిన మాటలు)



2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినాయి. పాత చిత్తూరు జిల్లాలో కొంత, నెల్లూరు జిల్లాలో గూడూరు, సూళ్ళూరుపేట వైపు కొంత కలిపి తిరుపతి జిల్లా చేసినారు. పుత్తూరు తిరుపతిలోకి వచ్చింది, పక్కనే ఉండే నగరి చిత్తూరులోనే నిలిచింది. నిన్నటిదాకా ఒకే జిల్లా మీటింగుకు పోయినోళ్ళం ఇప్పుడు రెండు దావలు పట్టినాము. మన మండలం తిరుపతి జిల్లాలో చేరింది కాబట్టి మన అధ్యక్షురాలు ఇకమీదట తిరుపతి జిల్లా సమాఖ్యలో కూర్చుంటుంది. ఏపీఎం పంపే ఫైళ్ళు కూడా తిరుపతి ఆఫీసుకే పోతాయి.

ఈ మార్పుతో పాటే మండలంలో సిబ్బంది పని కూడా కొత్తగా పంచుకున్నాము. ఇన్నాళ్ళూ ఒక సీసీ బ్యాంకు లోన్లు చూసేది, ఇంకొకరు స్త్రీనిధి, మరొకరు పుస్తకాలు. ఒక ఊరికి ముగ్గురు వచ్చేవాళ్ళు గానీ, ఆ ఊరి సంగతి మొత్తం ఎవురిని అడగాలో తెలిసేది కాదు. ఇకమీదట ఊర్లను పంచినాము. మీ ఊరికి ఒకే సీసీ. లోనైనా, స్త్రీనిధి అయినా, పుస్తకాలైనా ఆమెనే అడగండి. ఆమె ఏపీఎంకు జవాబు చెప్పాల. ఏపీఎం జిల్లా ఆఫీసుకు చెప్పుకుంటారు, నెలకోసారి మన పాలకవర్గం ముందర కూడా ఆ లెక్క పెడతారు.

యానిమేటర్ల సంగతి విడిగా చెప్పాల, ఎందుకంటే ఎక్కువ గుబులు వాళ్ళకే ఉండాది. యానిమేటరు గ్రామ సంఘం మనిషి. ఇది మారలేదు. సీసీ పని నేర్పిస్తుంది, తప్పులుంటే చూపిస్తుంది, అంతేగానీ యానిమేటరుకు పైఅధికారి కాదు. ఒకే సోమవారం సీసీ మండలానికి రమ్మనింది, ఊర్లో సంఘం మీటింగు కూడా ఉంది అనుకోండి. ఏది ముందో గ్రామ సంఘం అధ్యక్షురాలు చెప్తుంది. కుదరకపోతే అధ్యక్షురాలే సీసీకి ఫోను చేయాల. ఆ ఇద్దరి నడుమ యానిమేటరును నలిపేయొద్దు.

మాకు నిజంగా భయం ఉండేది సగంలో ఆగిన పనుల గురించి. ఒక సంఘం మార్చిలో బ్యాంకు లోనుకు తీర్మానం రాసి, పదిమంది సంతకాలు పెట్టి, గ్రామ సంఘం సిఫార్సుతో పాత సీసీకి కాగితాలు ఇచ్చింది. ఏప్రిల్‌లో సీసీ మారింది. ఇక పాతామె ఇచ్చేసినాను అంటుంది, కొత్తామె నాకు రాలేదంటుంది. ఆ సంఘమేమో బ్యాంకోళ్ళు ఆలస్యం చేస్తాండారని అనుకుంటా ఉంటుంది. ఇట్ల కాకుండా ఉండాలంటే అప్పగింత గ్రామ సంఘం మీటింగులోనే జరగాల. ఏ సంఘం కాగితాలు ఎక్కడ ఆగినాయి, ఎవురి పుస్తకాలు రాయలేదు, ఎవురి కంతులు బాకీ ఉన్నాయి అనేది మినిట్స్ పుస్తకంలో రాసి, దాని కింద పాత సీసీ, కొత్త సీసీ ఇద్దరూ సంతకం చేయాల. ఆ రెండు సంతకాలు లేకుంటే అప్పగింత కానట్టే. అట్లని తీర్మానం మళ్ళీ రాసే పనేమీ లేదు. అది సంఘానిది, సీసీది కాదు. కొత్త సీసీ ఆ కాగితాలు సరిచూసి బ్యాంకుకు తీసుకపోతే చాలు.

డబ్బు విషయం కూడా గట్టిగా చెప్తాండాము. మీ బ్యాంకు బ్రాంచి అదే, సంఘం ఖాతా నంబరు అదే, లోను పద్దు అదే, సంతకం పెట్టే ప్రతినిధులూ వాళ్ళే. జిల్లా పేరు మారిందని ఏ ఖాతా కొత్తగా తెరవాల్సిన పని లేదు. కొత్త జిల్లాకు పేరు మార్పించాల, ఖర్చులకు ఇంత ఇవ్వండి అని ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు, మాకు చెప్పండి. కంతు కట్టిన రోజే రసీదు తీసుకోండి, పాస్‌బుక్కులో ఎక్కిందో లేదో నెలకోసారి చూసుకోండి. పాత రసీదులు మాత్రం ఎవురూ పారేయొద్దు. చిత్తూరు జిల్లా సమాఖ్య పుస్తకాల్లో మనకు రావాల్సింది ఏమైనా ఉంటే దాన్ని చూపించేది ఆ కాగితాలే.

గ్రామ సంఘం సీలులో చిత్తూరు జిల్లా అని ఉండాది కదా, దాన్ని మండలం నుంచే మార్పించి ఇస్తాము. పాత సీలు వేసిన పాత కాగితాలను కొట్టేసి తిరగరాయొద్దు, అవి అట్లే ఉండనీండి.

ఇప్పుడు ఊర్ల పేర్లు, ఏ ఊరికి ఏ సీసీ అనేది చదువుతాము. మీ ఊరి పేరు రాగానే ఆ సీసీ లేచి నిలబడుతుంది, మొహం చూసుకోండి, ఫోను నంబరు రాసుకోండి. తక్కువ సంఘాలు ఇచ్చినారని, దూరం ఊర్లు ఇచ్చినారని సీసీలకు ఏమైనా ఉంటే ఇక్కడే అడగండి, బయట బస్టాండు దగ్గర కాదు.