ఒక లా ఆఫీసరు, మూడు ఫైళ్లు

మూడు బ్రాంచీల తనఖా పత్రాలు ఒకే లా ఆఫీసరు చూడాలనుకోండి. ఒక్కో ఫైలుకు నాలుగు రోజుల పని. ఏ మేనేజరునూ నొప్పించకుండా ఆయన రోజుకొక ఫైలు చొప్పున మార్చి మార్చి చూస్తే అవి 10, 11, 12వ రోజుల్లో పూర్తవుతాయి. ఒకటి ముగించాకే మరొకటి పడితే 4, 8, 12. మూడో ఫైలుకు నష్టం లేదు, మొదటి రెండు ముందే తేలిపోతాయి. మధ్యలో వదిలేసిన లింకు డాక్యుమెంట్లు మళ్లీ మొదటినుంచి చదివే బాధా ఉండదు.

అయితే ఆ వరుస ఆయన్నే పెట్టమంటే మొహమాటాలు అడ్డొస్తాయి. అది రీజినల్ ఆఫీసు పెట్టాలి. ఈసీ జతపరచని ఫైలును వరుసలోకే రానివ్వకూడదు. వచ్చిందా, బల్లమీదే పడి ఉంటుంది, "సార్, మాది చూశారా?" అనే ఫోన్లు ఎక్కువగా దాని గురించే.