ట్రౌటన్ నియమం: నీటి మీద మోపిన తప్పుడు కారణం

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీదో ఆ మాస్టారి పాండిత్యం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నాకు గుర్తున్నది వేరు. చదరంగంలో ఓడిపోతే ఆయన పావులు సర్దకుండానే లేచి వెళ్లిపోయేవారు. వాదనలో మాత్రం ఓడిపోతున్నా చివరిదాకా కూర్చుని వినేవారు. ఆ ఓపిక మీకూ ఉంటుందన్న ధైర్యంతో నా పాత పేచీ ఒకటి ఇవాళ మళ్లీ తెస్తున్నాను.

నియమం మీకు తెలిసిందే. 1884లో ఫ్రెడరిక్ ట్రౌటన్ అనే ఇరవయ్యేళ్ల ఐరిష్ కుర్రవాడు, ఒక మోల్ ద్రవానికి కావలసిన బాష్పీభవన గుప్తోష్ణాన్ని అది మరిగే పరమ ఉష్ణోగ్రతతో భాగిస్తే చాలా ద్రవాలకు దాదాపు ఒకే సంఖ్య వస్తుందన్నాడు. ఇవాళ్టి యూనిట్లలో అది కెల్విన్‌కు 85 నుంచి 88 జౌళ్లు. బెంజీన్‌కు 87. నీటికి 109, ఇథనాల్‌కు 110. ఇంతవరకూ తగాదా లేదు.

తగాదా కారణం దగ్గర. హైడ్రోజన్ బంధాలు బలమైనవి, వాటిని తెంచడానికి ఎక్కువ శక్తి కావాలి, అందుకే విలువ పెరిగింది అని విద్యార్థులు రాస్తారు, మనం మార్కులు వేస్తాం. ఈ జవాబు సగం లెక్క. బంధం బలపడితే గుప్తోష్ణం పెరుగుతుంది, నిజమే. దానితోపాటు మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. లవం, హారం రెండూ పెరుగుతున్నప్పుడు భాగఫలం ఎందుకు పెరగాలి? పాదరసాన్ని చూడండి. దాని గుప్తోష్ణం మోల్‌కు 59 కిలోజౌళ్లు, నీటికి 41 కూడా నిండదు. అయినా పాదరసం 630 కెల్విన్ దగ్గర మరుగుతుంది కనుక భాగఫలం 94 దగ్గరే ఆగింది. బలమే కారణమైతే అది నీటిని దాటిపోవాలి.

దీనికి నాకు ఎదురయ్యే జవాబు హిల్డెబ్రాండ్ పేరుతో వస్తుంది. 1915లో ఆయన, ద్రవాలను ఒకే పీడనం దగ్గర కాదు, ఆవిరి గాఢత సమానంగా ఉన్నచోట పోల్చాలన్నాడు. గొప్ప సవరణే. చాలా తక్కువ ఉష్ణోగ్రతలో మరిగే మీథేన్‌కు 73 మాత్రమే ఎందుకు వస్తుందో అది చక్కగా చెబుతుంది. కానీ మన కేసులో అది అక్కరకు రాదు. బెంజీన్ 353 కెల్విన్ దగ్గర, ఇథనాల్ 351 దగ్గర మరుగుతాయి. రెండింటి ఆవిరి ఒకే పీడనంలో, దాదాపు ఒకే ఘనపరిమాణంలో ఉంటుంది. అయినా 23 జౌళ్ల తేడా అలాగే ఉంది. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే, ఇథనాల్‌లో ఉన్న పరమాణువులతోనే కట్టిన డైమిథైల్ ఈథర్‌కు విలువ 87. కాబట్టి తేడాను ఆవిరిలో కాక ద్రవంలో వెతకాలి. హైడ్రాక్సిల్ గుంపు పక్కవాడి ఆక్సిజన్ వైపు తిరిగి ఉండక తప్పదు కనుక, ద్రవంలో అణువుకు ఇష్టం వచ్చినట్టు తిరిగే వీలు తగ్గిపోతుంది. 23 జౌళ్లను గ్యాస్ స్థిరాంకంతో భాగించి ఘాతం తీస్తే, అణువుకు అందుబాటులో ఉన్న అమరికలు సుమారు పదహారో వంతుకు కుంచించుకుపోయాయన్నమాట. ఆవిరైనప్పుడు ఆ స్వేచ్ఛంతా ఒక్కసారిగా తిరిగొస్తుంది. పెరిగినది ఎంట్రోపీ. తెంచిన బంధాల శక్తి అప్పటికే మరిగే ఉష్ణోగ్రతలో లెక్కకు వచ్చేసింది.

ఒక చిన్న లెక్క వేయండి. ఇథనాల్ గుప్తోష్ణం 38.6 కిలోజౌళ్లు. దాన్ని బెంజీన్ సంఖ్య 87తో భాగిస్తే 444 కెల్విన్, అంటే సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. గుప్తోష్ణం ఉష్ణోగ్రతతోపాటు తగ్గుతుంది కనుక ఈ 170ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. దిశ మాత్రం స్పష్టం. అసలు ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. ద్రవంలోని క్రమమే దాన్ని అంత కిందికి లాగింది. బంధాలు మరిగే ఉష్ణోగ్రతను పెంచుతాయన్న పాఠంలో ఈ రెండో భాగం ఎవరూ చెప్పరు.

బలం వాదనకు అసలైన ఇబ్బంది ఎసిటిక్ ఆమ్లం. దానికీ హైడ్రోజన్ బంధాలున్నాయి, విలువ మాత్రం 61. ఎందుకంటే దాని అణువులు ఆవిరిలోనూ చాలావరకు జంటలుగానే ఉంటాయి. మనం 60 గ్రాములను ఒక మోల్ అనుకుంటున్నాం, ఆవిరిలో అంతకన్నా తక్కువ కణాలున్నాయి.

నేనిప్పుడు చేయిస్తున్న పని ఇదే. డిగ్రీ విద్యార్థుల చేత ఎసిటిక్ ఆమ్లం ఆవిరి పీడనాన్ని పలు ఉష్ణోగ్రతల దగ్గర కొలిపించి, పీడనం లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమంతో గీయిస్తున్నాను. ఆ గీత వాలు నుంచి వచ్చే గుప్తోష్ణం ఆవిరిలోని కణాల మోల్‌కు చెందుతుంది. క్యాలరీమీటర్ ఇచ్చేది 60 గ్రాములకు. రెండూ కలవవు, మొదటిది స్పష్టంగా ఎక్కువ. బెంజీన్‌తో చేస్తే కలుస్తాయి. జంటలు ఉన్నాయని తేల్చడానికి అంతకుమించిన పరికరం అక్కర్లేదు. ఈ ప్రయోగాన్ని మీ కళాశాలల్లోనూ పెట్టండి. ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులు ఈ ఏడాది నుంచైనా జవాబుల పట్టికలో “బలమైన బంధాలు” అన్న మాట కొట్టేసి, “ద్రవంలో క్రమం” అని రాయండి.