యంత్రానికి సబ్సిడీ వస్తే లాభం పెరుగుతుందా?

ఒక రైస్ మిల్లు 10 లక్షల రూపాయలకు యంత్రం కొని, దానిపై 2 లక్షల ప్రభుత్వ సబ్సిడీ అందుకుందనుకుందాం. యంత్రం 5 ఏళ్లు పనిచేస్తుంది, ఆపై తుక్కు విలువ కూడా ఉండదు. సబ్సిడీని కొన్న ఖర్చులోంచి తీసేస్తే పుస్తకాల్లో యంత్రం విలువ 8 లక్షలు, ఏటా తరుగుదల 1,60,000. తీసేయకుండా వాయిదా ఆదాయంగా అప్పుల వైపు ఉంచితే తరుగుదల 2 లక్షలకు పెరుగుతుంది, కానీ సబ్సిడీలోంచి ఏటా 40,000 ఆదాయంలోకి వస్తుంది. లాభంలోంచి పోయేది మళ్లీ అదే 1,60,000. సబ్సిడీ మొత్తాన్నీ మొదటి ఏడే లాభంలో కలిపేసుకోవాలన్న ఆశకు రెండు పద్ధతుల్లోనూ చోటు లేదు.

తరుగుదల ఏటా సమానంగా లేకపోతే ఈ లెక్క తప్పదా అని అడగవచ్చు. తగ్గుతున్న విలువపై 40 శాతం చొప్పున వేస్తే మొదటి ఏడు తరుగుదల 4 లక్షలు. అప్పుడూ ఆదాయానికి 40,000 మాత్రమే తెస్తే లాభాలు వేరవుతాయి. నిజానికి చాలామంది పొరబడేది ఇక్కడే. అకౌంటింగ్ స్టాండర్డ్ 12 ప్రకారం తరుగుదల ఏ నిష్పత్తిలో పడుతుందో సబ్సిడీ కూడా అదే నిష్పత్తిలో ఆదాయంలోకి రావాలి. అంటే మొదటి ఏడు 80,000. నికర భారం 3,20,000, సరిగ్గా 8 లక్షల్లో 40 శాతం.

మరి రెండు పద్ధతులెందుకు? తేడా ఆస్తి అప్పుల పట్టీలోనూ, తరుగుదలకు ముందు లాభంలోనూ ఉంది. వాయిదా ఆదాయం పద్ధతిలో ఆస్తులూ అప్పులూ రెండూ పెద్దవిగా కనిపిస్తాయి, తరుగుదల ఏటా సమానంగా వేస్తే దానికి ముందు లాభం ఏటా 40,000 ఎక్కువగా తేలుతుంది. రుణమిచ్చే బ్యాంకు ఆ అంకెనే చూస్తే, పద్ధతేమిటో ముందు అడగాలి.